ఆసియాన్‌లో ఈక్వెడార్

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను దాచుకునే సంగతి కాదు, మా ఇంట్లో అందరూ ఎత్తిపొడిచేదే. పాలు చిక్కగా ఉంటే ఏం కలిపాడో అంటాను, పల్చగా ఉంటే ఎన్ని నీళ్ళు పోశాడో అంటాను. పరీక్ష హాల్లోకి ఇన్విజిలేటర్‌గా నేను అడుగుపెడితే పిల్లలు ప్రశ్నాపత్రం చూడకముందే ఉసూరుమంటారు. దగ్గినా చూస్తాను, తల గోక్కున్నా చూస్తాను. అలాంటి నన్నే పేపరు లీకు చేసిన మనిషిగా నిలబెట్టారు. ఆ సంగతే ఇప్పుడు చెప్తున్నాను.

అప్పుడు నేను అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. పొలిటికల్ సైన్సు చెప్పేదాన్ని. గెస్ట్ అంటే పేరులోనే ఉంది కదా, ఏడాది అయ్యాక మళ్ళీ రమ్మంటే రావాలి, వద్దంటే మానుకోవాలి. రమ్మనాలా వద్దా అన్నది మా డిపార్టుమెంటు హెడ్డు గారు ప్రిన్సిపాల్‌కి చెప్పే మాట మీద ఉండేది. ఆయన పాతికేళ్ళుగా అక్కడే ఉన్నారు. తెల్లచొక్కా, మెత్తటి మాట, ప్రతి వాక్యానికీ చివర ఒక 'అండీ'. గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్ళ కోసమని ఇంటి మేడ మీద పొద్దున్నపూట ట్యూషన్ పెట్టారు. పోనుపోను మా కాలేజీ పిల్లలు కూడా అందులో చేరిపోయారు. ఊళ్ళో పిల్లలే ఎక్కువ. కాలేజీకి వచ్చేసరికి వాళ్ళంతా బీ సెక్షన్. దూరం ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు ఏ సెక్షన్. ఈ విభజన ఎలా జరిగిందో ఎవరూ అడగలేదు, నేను మాత్రం లోపల అనుకునేదాన్ని.

ఆ టర్ములో మా పేపరు ప్రచ్ఛన్నయుద్ధం తర్వాతి ప్రపంచం. అమెరికా, సోవియట్ యూనియన్ అని రెండు కాంపులుగా ఉన్న లోకం 1991లో సోవియట్ కూలిపోయాక ఏమైంది, అమెరికా ఒక్కటే మిగిలాక మిగతా దేశాలు ఎలా కూడగట్టుకున్నాయి, యూరోపియన్ యూనియన్, ఆసియాన్, చైనా ఎదుగుదల, ఇదీ సిలబస్. నేను ఎంత గొంతు చించుకున్నా పిల్లలకి 1991 అంటే తాతల నాటి మాట. బెర్లిన్ గోడ కూలింది అంటే, అయితే మనకేంటండీ అన్నట్టు చూసేవారు. ఇంగ్లీషు మీడియం కాలేజీ అన్న పేరేగానీ మిడ్ పరీక్షల్లో తెలుగులో రాసినా దిద్దేవాళ్ళం, లేకపోతే సగం పేపర్లు తెల్లగానే వస్తాయి.

మిడ్ పరీక్షకి ప్రశ్నాపత్రం హెడ్డు గారే రాసిచ్చి, బంధువుల పెళ్ళి ఉందని రాజోలు వెళ్ళిపోయారు. పరీక్షకి ముందురోజు సాయంత్రం ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచారు. ఆవిడ కామర్సు మనిషి, మా సబ్జెక్టు ఆవిడది కాదు, కానీ ప్రింటుకి వెళ్ళే ప్రతి కాగితమూ చదువుతారు. పోయినేడాది మిడ్‌లో అడిగిన ప్రశ్నే మళ్ళీ ఉంది, మార్చండమ్మా అన్నారు. ఆ ప్రశ్న ఇది: రెండు అగ్రరాజ్యాల పోటీ ముగిశాక ప్రాంతీయ కూటములు కొత్త శక్తికేంద్రాలుగా ఎలా ఎదిగాయో యూరోపియన్ యూనియన్‌ను ఉదాహరణగా తీసుకుని వివరించండి. నేను పెద్దగా బుర్ర బద్దలుకొట్టుకోలేదు. యూరోపియన్ యూనియన్ తీసేసి ఆ చోట ఆసియాన్ అని పెట్టాను. మిగతా వాక్యం ముట్టుకోలేదు. పెళ్ళిలో ఉన్న మనిషిని ఏం విసిగిస్తాంలే అని హెడ్డు గారికి ఫోన్ చెయ్యలేదు. నిజం చెప్పాలంటే, ఫోన్ చేస్తే కామా ఎక్కడ పెట్టాలో కూడా క్లాసు పీకుతారు, అది నా వల్ల కాదు.

పరీక్ష అయింది. ఏ సెక్షన్ జవాబు పత్రాలు నాకు, బీ సెక్షన్‌వి హెడ్డు గారికి. ఆయన కట్ట ఆయన బల్ల మీదే ముడి విప్పకుండా ఉండిపోయింది. నేను నావి దిద్దడం మొదలుపెట్టాను.

మూడోదో నాలుగోదో పేపరు దగ్గర ఆగిపోయాను. ఆసియాన్‌లో సభ్య దేశాలు ఏవో చెప్తూ ఒకమ్మాయి వియత్నాం, ఇండోనేషియా, థాయ్‌లాండ్, ఈక్వెడార్ అని రాసింది. ఈక్వెడార్ ఏంటి నా మొహం! అది దక్షిణ అమెరికాలో, పసిఫిక్ సముద్రానికి అవతలి గట్టున ఉంది. ఆగ్నేయాసియా దేశాల కూటమిలోకి అదెలా వచ్చింది? ఎర్ర గీత గీసి నవ్వుకున్నాను. ఇంకొన్ని పేపర్ల తర్వాత ఒకబ్బాయిది వచ్చింది. వియత్నాం, ఇండోనేషియా, థాయ్‌లాండ్, ఈక్వెడార్. ఈసారి నవ్వు రాలేదు. కట్టంతా తిరగేస్తే మూడో పేపరూ దొరికింది. అదే నాలుగు పేర్లు, అదే వరస.

ముగ్గురూ ఓడలరేవు వైపు వాళ్ళు. ముగ్గురివీ రొయ్యల చెరువుల ఇళ్ళే. ముగ్గురూ నాతోపాటు ఒకే బస్సులో వస్తారు, ఎందుకంటే మాదీ అటే.

కాపీ అని ఖాయం చేసేసుకున్నాను. ఒప్పు ఒకేలా ఉంటే పుస్తకం ఒకటే కదా అనుకోవచ్చు. తప్పు ఒకేలా ఉంటే ఇంకేం అనుకుంటాం? ఒళ్ళు మండిపోయింది. నా కళ్ళముందే కూర్చుని, నేను తిరుగుతున్న హాల్లో, ఎలా చూసి రాశారు? వాళ్ళ సీట్లు గుర్తు చేసుకున్నాను. ఒకరు కిటికీ దగ్గర, ఒకరు ద్వారం దగ్గర, అమ్మాయి మొదటి బెంచీ. పక్కపక్కన కూడా లేరు. అయితే ఫోనే అయ్యుంటుంది, లేకపోతే చీటీ అయ్యుంటుంది. మర్నాడు బస్సులో ఆ అమ్మాయి లేచి నాకు సీటిస్తే కూర్చోలేదు. ఏం కాకా పడుతోందో అని నిలబడే వచ్చాను.

హెడ్డు గారు పెళ్ళి నుంచి వచ్చాక ఆ మూడు పేపర్లూ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన ఈక్వెడార్ చూడలేదు. ప్రశ్న చూశారు.

"ఆసియాన్ ఏంటండీ? నేనిచ్చింది యూరోపియన్ యూనియన్ కదండీ" అన్నారు.

మేడం మార్చమన్నారని, మార్చానని చెప్పాను. ఆయన మొహం అదోలా అయిపోయింది. ఆ ప్రశ్న రెండు సెక్షన్లకీ అదే ఇచ్చారా అని అడిగారు. అవునండీ అన్నాను. చెప్పకుండా మార్చినందుకు కోపం వచ్చిందనుకున్నాను, పెద్దవాళ్ళకి ఉండేదే కదా. ఆయన తర్వాత మెల్లిగా, తేనె పూసినట్టు మొదలుపెట్టారు. నేను ఏ ఊరి నుంచి వస్తున్నానో అడిగారు, తెలియనట్టు. ఆ ముగ్గురూ ఏ బస్సులో వస్తారో అడిగారు. ఎవరికీ తెలియకుండా మారిన ప్రశ్న, దానికి మా బస్సు పిల్లలు మాత్రం కూడబలుక్కున్నట్టు రాసిన జవాబు. నేను ఎవరినీ ఏమీ అనటం లేదండీ, ప్రిన్సిపాల్ గారితో ఒక మాట చెప్పడం నా ధర్మం కదండీ అన్నారు.

దొంగని పట్టించడానికి వెళ్ళి నేనే దొంగనయ్యాను. మధ్యాహ్నానికల్లా స్టాఫ్‌రూంలో నేను లోపలికి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. కెమిస్ట్రీ ఆవిడ రోజూ నాకు ఒక ముద్ద ఆవకాయ అన్నం పెట్టేది. ఆ రోజు కిటికీ వైపు తిరిగి తినేసింది. చిన్న కాలేజీ, చిన్న ఊరు. పేపరు లీకు చేసిందట అన్న మాట ఒక్కసారి నా మీద పడితే అమలాపురంలోనే కాదు, కొత్తపేటలోనూ రాజోల్లోనూ ఏ కాలేజీ వాళ్ళూ గుమ్మం ఎక్కనివ్వరు. ఆ రాత్రి ఇంట్లో అన్నం సహించలేదు. వాళ్ళెందుకలా రాశారు, నాకెందుకీ ఖర్మ అని ఆ పిల్లలనే తిట్టుకున్నాను. వాళ్ళమీద జాలి ఏమీ కలగలేదు, చెప్పుకోవడానికి బాగోదు గానీ అంతే.

మర్నాడు ప్రిన్సిపాల్ మేడం గదిలో అందర్నీ పిలిచారు. ఆవిడ పద్ధతి సూటిగా ఉంటుంది. రాసింది వాళ్ళ సొంతమో కాదో వాళ్ళ నోటే విందాం, పేపర్లు అన్నీ నా బల్ల మీద పెట్టండి అన్నారు. సొంతం కాదని తేలితే ముగ్గురికీ సున్నా, నా సంగతి మేనేజిమెంటు చూసుకుంటుందని కూడా అన్నారు. మెత్తగా అనలేదు, గట్టిగానూ అనలేదు. హెడ్డు గారు తనవైపు నుంచి బీ సెక్షన్ కుర్రాణ్ణి ఒకణ్ణి వెంట తెచ్చుకున్నారు. క్లాసు ఫస్టు, పరీక్ష బాగా రాశానని ఆయనకి చెప్పాడట. సక్రమంగా చదివిన పిల్లవాడు ఎలా జవాబు చెప్తాడో మీకూ తెలియాలి కదండీ అన్నారు మేడంతో. కుర్రాడు నీటుగా ఇన్‌షర్ట్ చేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

ముందు ఓడలరేవు అమ్మాయిని అడిగారు. ఈక్వెడార్ ఎక్కడ చూసి రాశావు అని. ఆ పిల్ల మేడం వైపు చూసి, నా వైపు చూసి, చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"ఎక్కడా చూడలేదండి. మా ఇంట్లో రొయ్య రేటు మాట ఎప్పుడొచ్చినా ఈ నలుగురి పేర్లూ కలిపే చెప్తారండి. వియత్నామోడు, ఇండోనేషియావోడు, థాయ్‌లాండోడు, ఈక్వెడారోడు. ఆళ్ళ సరుకు ఎక్కువొస్తే మన రేటు పడిపోద్దండి. మొదటి ముగ్గురూ ఆసియాన్ అని ఈ మేడం క్లాసులో చెప్పేరు కదండి, నాలుగోవోడు కూడా ఆళ్ళ మనిషే అనుకున్నానండి."

నాకు చప్పున మా బస్సు గుర్తొచ్చింది. పొద్దున్నే ఆ బస్సులో మేత కంపెనీ ఏజెంట్లు, చెరువుల వాళ్ళు, పరీక్షకని ల్యాబుకి చెరువు నీళ్ళ సీసాలు తెచ్చేవాళ్ళు. ఫోన్లలో కౌంటు రేట్లు వస్తాయి. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. రేటు తగ్గిన రోజు ఈ నాలుగు దేశాలనీ వరసపెట్టి తిడతారు. అమెరికా సుంకం పెంచినప్పుడైతే బస్సంతా ఒకటే గొడవ, మన మీద అంత వేసి ఈక్వెడారోడి మీద తక్కువేశాడని. నేను రోజూ విన్నాను. విని, ఈ మొరటు మాటలు పొద్దున్నే ఏంట్రా దేవుడా అని కళ్ళు మూసుకునేదాన్ని.

హెడ్డు గారు సన్నగా నవ్వారు. కథ బాగానే అల్లింది, కానీ మరి ప్రశ్న తెలియకుండా ఆసియాన్ గురించి అంత రాసేస్తారాండీ అన్నారు. మేడం అమ్మాయినే అడిగారు, ఆసియాన్‌కీ యూరోపియన్ యూనియన్‌కీ తేడా ఏంటి, పుస్తకంలో ఉన్నట్టు వద్దు, నాకు అర్థమయ్యేలా చెప్పు అని.

"యూరప్‌కి వాకిలి ఒకటేనండి. ఏ రేవులో దింపినా సుంకం ఒకటే, రూలూ ఒకటే. మన సరుకులో మందు అవశేషం ఉందని ఒక రేవులో పట్టుకున్నారంటే ఆ కబురు మిగతా దేశాలన్నిటికీ వెళ్ళిపోద్దండి. ఆసియాన్ అలా కాదండి. ఆళ్ళలో ఆళ్ళకి సుంకాలు తగ్గించుకున్నారు గానీ బయటోళ్ళ దగ్గరకొచ్చేసరికి ఎవరి వాకిలి ఆళ్ళదే. వియత్నాం రేటు వియత్నాందే."

నేను క్లాసులో కస్టమ్స్ యూనియన్ అనీ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతమనీ బోర్డు నిండా గీతలు గీసి చెప్పింది ఇదే. నిర్వచనాలు ఈ పిల్ల ఒక్కటీ చెప్పలేదు, కానీ తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఎగిరి గంతేద్దామనిపించింది. అబ్బాయిలిద్దర్నీ విడివిడిగా పిలిచి అడిగినా ఇంచుమించు అదే ధోరణి. ఒకడికి 1967లో బ్యాంకాక్‌లో మొదలైందని గుర్తుంది గానీ మొదటి అయిదు దేశాల్లో వియత్నాంని కలిపేశాడు. అది చేరింది 1995లో. రెండోవాడు చైనా ఎందుకు ఎదిగిందని అడిగితే, 1978 నుంచి తలుపులు తీసి బయటి పెట్టుబడి రానిచ్చింది, ఇప్పుడు మన రొయ్యని కొనేవాళ్ళలో అమెరికా తర్వాత పెద్దచెయ్యి ఆళ్ళదేనండి అన్నాడు. ఎవరి మాట వాళ్ళదే, ఎవరి తప్పు వాళ్ళదే. ఈక్వెడార్ ఒక్కటే ఉమ్మడి.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వీళ్ళ విషయం నాకు తేలిపోయిందండీ అన్నారు. హెడ్డు గారు సరేనండీ, పిల్లలు గట్టోళ్ళేనండీ అని లేవబోయారు. అప్పుడు ఆ అమ్మాయి, వెళ్ళిపోమంటే వెళ్ళిపోకుండా, గోడ పక్కనున్న కుర్రాడి వైపు చూసింది.

"మరి ఈయన్ని అడగరాండి?"

వాడు మీకు చూపించడానికి వచ్చాడమ్మా, వాడి మీద ఏ అనుమానమూ లేదు అన్నారు హెడ్డు గారు. ఆయన గొంతులో తొందర నాకు వినిపించింది. ఎంతైనా నా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? పాలు చిక్కబడినప్పుడు వచ్చే అనుమానమే వచ్చింది. ప్రశ్న రెండు సెక్షన్లకీ ఇచ్చారా అని ఆ రోజు ఈయన అంత ఆత్రంగా ఎందుకు అడిగారు? మేడం అనుమతి కూడా తీసుకోకుండా నేనే అడిగేశాను. బాబూ, ఆసియాన్ ప్రశ్నకి ఏం రాశావో చెప్పు, రాసిందే చెప్పు చాలు అన్నాను.

కుర్రాడు చేతులు వెనక్కి కట్టుకుని గడగడా అందుకున్నాడు.

"రెండు అగ్రరాజ్యాల పోటీ ముగిశాక ప్రాంతీయ కూటములు కొత్త శక్తికేంద్రాలుగా ఎదిగాయండి. 1992లో మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ఇది ఏర్పడిందండి. 2002లో యూరో నోట్లు, నాణేలు వాడుకలోకి వచ్చాయండి. సొంత జెండా ఉందండి, సొంత గీతం ఉందండి..."

ఎక్కడా తడబడలేదు. మేడం బీ సెక్షన్ కట్ట ముడి విప్పారు. వాడి పేపరు తీసి చదివారు. దాని కింద ఇంకొకటి తీశారు, ఇంకొకటి తీశారు. ట్యూషన్ పిల్లలు ఎవరెవరో నాకు తెలుసు గనక పక్కన నిలబడి చూస్తున్నాను. ప్రశ్న సంఖ్య వేసి, పైన ఆసియాన్ అని శీర్షిక పెట్టి, లోపల అంతా యూరోపియన్ యూనియనే. మాస్ట్రిక్ట్, యూరో, జెండా, అదే వరస. ప్రశ్నలో మొదటి ముక్క చూసి, తెలిసిందేలే అని, చివరిదాకా చదవకుండా బట్టీ పట్టింది దించేశారు. మధ్యమధ్యలో ట్యూషన్‌కి వెళ్ళని ఊళ్ళో పిల్లలు మాత్రం వాళ్ళకి వచ్చినంత ఆసియాన్ గురించి రాసుకున్నారు.

మేడం ఆ పేపర్లన్నీ విడిగా ఒక పక్కన పెట్టారు. కుర్రాడికి ఏదో తేడా జరిగిందని అప్పటికి తెలిసింది. వాడు మేడం వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు, హెడ్డు గారి వైపు చూశాడు. నాకు వాడి మీద కోపం రాలేదు, అయ్యో అనిపించింది. మేడం పిల్లలందర్నీ బయటికి పంపేశారు.

"మేష్టారూ, నేను మార్చమనకముందు ఈ ప్రశ్నలో ఏముందండీ?" అన్నారు.

ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్‌ని కొంచెం పక్కకి జరిపారు. యూరోపియన్ యూనియన్ అండీ అన్నారు.

ఆ పరీక్ష అందరికీ రద్దయింది. ట్యూషన్ పిల్లలకి మాత్రమే రద్దు చేస్తే ఎందుకో చెప్పాల్సి వస్తుంది, చెప్తే కాలేజీ పేరు పోతుందని మేనేజిమెంటు అందట. మా ఓడలరేవు పిల్లలు కూడా మళ్ళీ రాశారు, ఏ తప్పూ చెయ్యకుండానే. నా ఉద్యోగం నిలిచింది. ఆయన ఉద్యోగమూ నిలిచింది. డిపార్టుమెంటు ప్రశ్నాపత్రాలు ఇకనుంచి మేడం దగ్గరే ఉంటాయన్నారు, అంతే. ఆవకాయ ముద్ద మళ్ళీ వచ్చింది గానీ నాకు మునుపటి రుచి లేదు.

ఆ రోజు గది బయటికి వచ్చాక వరండాలో హెడ్డు గారు నన్ను ఆపారు. క్షమించమంటారేమో అనుకున్నాను, ఏమనాలో కూడా లోపల సిద్ధం చేసుకున్నాను. ఆయన చుట్టూ చూసి, ఎప్పటి మెత్తటి గొంతుతోనే అన్నారు.

"ప్రశ్న మార్చేనని నాకొక్క ఫోన్ చేసుండాల్సిందండీ మీరు."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. ఫోన్ చేసి ఉంటే ఆయన రాజోలు నుంచే కబురు పంపేవారు, పొద్దున్నకల్లా మేడ మీది ట్యూషన్ పిల్లల చేతికి ఆసియాన్ జవాబు వచ్చేసేది. బీ సెక్షన్ పేపర్లు ముత్యాల్లా ఉండేవి. తప్పు రాసిన మా బస్సు పిల్లలు ముగ్గురూ, ప్రశ్న మార్చిన నేనూ దొంగలుగా మిగిలేవాళ్ళం.

"చేసుంటే ఈపాటికి నేను ఇంట్లో ఉండేదాన్నండీ" అన్నాను.

ఆయ్ అని తలూపి, ఆయన క్లాసుకి వెళ్ళిపోయారు.